వానాకాలంలో మా నాన్న గొడుగుల పని

మా నాన్న గోడలకు రంగులు వేసే పెయింటరు. విశాఖపట్నంలో ఆ రోజుల్లో ఆ పనికి రెండు మంచి సీజన్లు ఉండేవి. ఒకటి ఎండాకాలం, పెళ్ళిళ్ళ ముందు. రెండోది దసరా నుంచి సంక్రాంతి దాకా. అక్టోబరులో వాయుగుండాలు పట్టిన రోజులు పోగా మిగిలిన రోజులన్నీ చేతినిండా పనే. ఎటొచ్చీ మృగశిర కార్తె దాటి ముసుర్లు మొదలైతే మాత్రం మేస్త్రీలు కబురు పెట్టడం మానేసేవారు. తడి ఉన్న గోడ మీద డిస్టెంపరు వేస్తే పట్టదు, నాలుగు వారాలకే పొరలు పొరలుగా లేచిపోతుంది. తడి పీల్చుకున్న తలుపుకి ఎనామిల్ వేస్తే లోపలి చెమ్మ బయటికొచ్చే దారిలేక బుడగలు కడుతుంది. ఇక బయటి గోడల సంగతి చెప్పనక్కర్లేదు, వేసిన రంగు ఆరకముందే జల్లు కొడితే చారలు పడిపోతుంది. పని తెలిసిన పెయింటరు ఎవడూ ఆ నెలల్లో బ్రష్షు పట్టడు. పని పట్టకపోతే రోజు కూలీ ఉండదు.

అందుకని మా ఇంట్లో వానాకాలం అంటే గొడుగుల కాలం. నాన్నకి చిన్నప్పుడు ఆయన మేనమామ గొడుగులు బాగుచెయ్యడం నేర్పించాడట. ఆ మేనమామ కురుపాం మార్కెట్ దగ్గర కూర్చునేవాడు. నాన్న మాత్రం మా ఇల్లు అల్లిపురంలో కాబట్టి దగ్గర్లో ఉన్న పూర్ణా మార్కెట్ వైపు, ఒక సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చునేవాడు. కొట్టు యజమానికి అద్దె కింద ఏమీ ఇచ్చేవాడు కాదు, ఆయన ఇంట్లో గొడుగులన్నీ ఉచితంగా బాగుచేసి పెట్టేవాడు. 1980ల చివర, 90ల మొదట్లో మాట ఇది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను.

చాలామంది అనుకుంటారు, వాన పడితే గొడుగుల వాడికి డబ్బులొస్తాయని. అది సగమే నిజం. నాన్న వానాకాలం సంపాదన అసలు మొదలయ్యేది ఎండాకాలంలో. ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం పూట నన్ను వెంటబెట్టుకుని పాత సామాన్ల కొట్లకి వెళ్ళేవాడు. అక్కడ ఇనుపముక్కల మధ్యలో చచ్చిపోయిన గొడుగులు పడి ఉండేవి. గుడ్డ చిరిగి, పిడి ఊడి, రెండు మూడు ఊచలు విరిగినవి. ఎండాకాలంలో వాటివైపు చూసేవాడే ఉండడు కాబట్టి తూకం లెక్కన ఇచ్చేసేవారు, ఒక్కోటి రెండు మూడు రూపాయలకి మించి పడేది కాదు. అదే జూలైలో అడిగితే ఆ కొట్టువాడే ఎనిమిది చెప్పేవాడు.

అలాంటి ఒక్క గొడుగుని విప్పితే ఎన్ని పనికొచ్చేవో చూడండి. మామూలు పొడుగు గొడుగుకి ఎనిమిది ఊచలుంటాయి. అందులో మూడు విరిగినా అయిదు మిగులుతాయి. వాటిని పట్టుకునే పొట్టి ఊచలు ఎనిమిదీ చాలావరకు బాగానే ఉంటాయి. కర్ర మీద పైకీ కిందకీ జారే గొట్టం, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు, పైన ఊచలన్నీ గుచ్చే బిళ్ళ, కొన చివర టోపీ, గుడ్డలో చిరగని ముక్కలు. వానాకాలంలో ఒక ఊచ మార్చడానికి నాన్న మూడు రూపాయలు తీసుకునేవాడు. అంటే రెండున్నర రూపాయల గొడుగు, పూర్తిగా అమ్ముడుపోతే, చాలా పనులకి సామాను అయ్యేది. కొత్త సామాను కొని వేస్తే ఈ లెక్క కుదిరేది కాదు. కొత్త ఊచలు దొరికే చోటు ఎక్కడో వెతకాలి, దొరికినా మార్జిను మిగలదు. నాన్న ఎప్పుడూ అనేవాడు: "వానలో కొన్న సామాను వానలో కొట్టుకుపోద్దిరా, ఎండలో కొన్నదే మనకి తిండి పెడతాది."

విప్పిన ఊచల్ని కొలిచి వేరుచెయ్యడం నా పని, మా తమ్ముడి పని. నాన్న ఒక చెక్కపలక మీద మూడు గాట్లు పెట్టాడు, ఇరవై మూడు అంగుళాలకి ఒకటి, ఇరవై అయిదుకి ఒకటి, ఇరవై ఏడుకి ఒకటి. ఊచని పలక మీద ఆనించి కొన ఏ గాటు దగ్గరికి వస్తే ఆ కట్టలో వెయ్యాలి. దేనికీ సరిపోనివి వేరే కట్ట. ఎందుకింత పట్టింపు అంటే, ఊచ కాస్త పొడుగైతే ఆ రెండు పక్కల గుడ్డ లాగేసి కుట్లు తెంపుకుంటుంది. కాస్త పొట్టిదైతే అక్కడ గుడ్డ వేలాడి నీళ్ళు నిలుస్తాయి, నీళ్ళ బరువుకి గొడుగు ఒకవైపు ఒరుగుతుంది. పొడుగొక్కటే చాలదు, బిగువు కూడా చూడాలి. నాన్న రెండు ఊచల్ని పక్కపక్కన పట్టుకుని, వేలితో కొనల్ని ఒకేసారి వంచి చూసేవాడు. రెండూ ఒకేలా వంగితేనే జత. మెత్తని ఊచ ఒకటి పడితే గాలి ముందు అక్కడే లొంగుతుంది.

ఇక వాన రోజుల సంగతి. గొడుగు విరిగిన రోజు ఎవరూ తీసుకురారు. విరిగిన మర్నాడు ఎండ కాస్తే తలుపు వెనక పడేసి మర్చిపోతారు. మళ్ళీ మబ్బు పట్టాక, ఆఫీసుకి బయల్దేరబోతూ గుర్తొస్తుంది. అప్పుడు అందరూ ఒకేసారి వస్తారు, అందరికీ ఇప్పుడే కావాలి. పోర్టులో పనిచేసేవాళ్ళు, రైల్వే వాళ్ళు, మార్కెట్ కొచ్చిన ఆడవాళ్ళు, స్కూలు పిల్లలు. ఆ హడావిడిలో నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గొడుగు చేతికి రాగానే ఇది నిలబడి చేయించుకునే పనా, వదిలి వెళ్ళే పనా అని అరనిమిషంలో తేల్చేసేవాడు. కొనకి కుట్టు ఊడిపోవడం, ఊచకి మధ్యలో గుడ్డ కట్టిన దారం తెగడం, స్ప్రింగు లోపలికి అంటుకుపోయి తెరుచుకోకపోవడం, ఇవన్నీ అయిదు నిమిషాల పనులు. అర్ధ రూపాయి, రూపాయి చొప్పున ఆ చిల్లరతోనే సాయంత్రానికి కూరలు, బియ్యం వచ్చేవి. ఊచలు మార్చేవి, తీగ మార్చేవి, గుడ్డ వేసేవి అన్నీ ఇంటికి తెచ్చి రాత్రి చేసేవాడు. అరుగు మీద పెద్ద పని పెట్టుకుంటే నిలబడి ఉన్న నలుగురు చిన్నపనుల వాళ్ళు వెళ్ళిపోతారు.

వదిలి వెళ్ళమంటే ఎవరూ ఒప్పుకోరు కదా, పైన వాన పడుతుంటే. దానికీ ఒక ఉపాయం ఉండేది. పాత గొడుగుల్లో కాస్త మంచివాటిని నిలబెట్టి, ఆ గుడ్డ మీద ఎర్రదో పచ్చదో ఒక పెద్ద అతుకు వేసి, వాటిని ఒక్కరోజుకి వాడుకోమని ఇచ్చేవాడు. కొంత సొమ్ము హామీగా పెట్టించుకునేవాడు, గొడుగు తిరిగిస్తే సొమ్ము తిరిగి ఇచ్చేసేవాడు. అతుకు ఉన్న గొడుగుని ఎవరూ ఉంచేసుకోవాలనుకోరు, తమ గొడుగు కోసం తప్పకుండా వెనక్కి వస్తారు. ఎర్రమచ్చల గొడుగులు వేసుకుని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని చూస్తే మా నాన్న దగ్గరికి వచ్చారని మాకు తెలిసిపోయేది.

గొడుగులు తారుమారు కాకుండా చీటీల పద్ధతి కూడా బాగుండేది. నల్లగొడుగులు అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే అట్టముక్క తీసుకుని, చేత్తో అడ్డదిడ్డంగా రెండుగా చింపేవాడు. ఒక సగం పిడికి కట్టి, రెండో సగం గొడుగు తెచ్చిన మనిషికి ఇచ్చేవాడు. తీసుకెళ్ళేటప్పుడు రెండు అంచులూ కలిపి చూస్తే ఒకదానికొకటి సరిగ్గా అమరాలి. చేత్తో చింపిన అంచు ఇంకో అట్టకి ఎప్పుడూ సరిపోదు. నంబరు రాస్తే వానకి తడిసి చెరిగిపోతుంది, చినిగిన అంచుకి ఆ భయం లేదు.

ఒక గొడుగు బాగుచేసిన వైనం పూర్తిగా చెప్తాను. మా వీధి చివర ఒక మాస్టారు ఉండేవారు, ఎయిడెడ్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఒక జూలైలో బీచ్ రోడ్డు దగ్గర గాలికి ఆయన గొడుగు పైకి తిరగబడిపోయింది. కొయ్య పిడి ఉన్న పాత గొడుగు అది.

"మేస్త్రీ, ఇది బాగవుతుందా? మా మామగారు పెట్టిన గొడుగయ్యా."

"గుడ్డ చూడనీండి మాస్టారూ. గుడ్డ బాగుంటే మిగతాది నేను చూసుకుంటాను."

నాన్న ఎప్పుడూ ముందు చూసేది గుడ్డనే. విరిగిన ఊచ కళ్ళకి కనబడుతుంది, అరిగిన గుడ్డ కనబడదు. గొడుగుని మెల్లగా సగం తెరిచి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని లోపలినించి చూశాడు. ఊచల వెంబడి సన్నగా వెలుగు గీతలు కనిపిస్తే అక్కడ గుడ్డ రాపిడికి పలచబడిపోయిందని అర్థం. అలాంటి గొడుగుకి ఊచ మారిస్తే, కొత్త ఊచ బిగువుకి గుడ్డ అదే గీత వెంట చిరుగుతుంది. తర్వాత అంచు దగ్గర గుడ్డని రెండు చేతుల వేళ్ళతో అడ్డంగా లాగి చూశాడు. మాస్టారి గుడ్డ రెండిట్లోనూ నిలబడింది. అప్పుడు పైన టోపీ దగ్గర పట్టుకుని ఊచల్ని ఊపి చూశాడు. ఊచలన్నీ అక్కడ కదులుతున్నాయి. అంటే బిళ్ళలో ఊచలన్నిటినీ కలిపి గుచ్చిన తీగ తుప్పు పట్టి సన్నబడిపోయింది, ఇవాళో రేపో తెగుతుంది. అది తెగితే ఎనిమిది ఊచలూ ఒకేసారి ఊడిపోతాయి.

మాస్టారు రెండు ఊచలు విరిగాయని తెచ్చారు. అసలు జబ్బు తీగలో ఉందని నాన్న చెప్పాడు.

ఎందుకలా తుప్పు పట్టింది అంటే, తడిసిన గొడుగుని మనం ఏం చేస్తాం? కొన కిందికి పెట్టి గోడకి ఆనిస్తాం. నీళ్ళన్నీ గుడ్డ లోపలినుంచి జారి కొన దగ్గరికి, అంటే సరిగ్గా ఆ తీగ దగ్గరికే చేరతాయి. పైగా మనది సముద్రం ఒడ్డు ఊరు, ఉప్పుగాలికి ఇనుము తొందరగా తినేస్తుంది. నాన్న ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు, తడిసిన గొడుగుని నీడలో తెరిచి ఆరబెట్టండి, ఎండలో కాదు, మడిచి ముడేసి అసలు పెట్టొద్దు అని. గుడ్డకీ ఇనుముకీ రెండిటికీ అదే మంచిది.

రాత్రి ఇంట్లో ఆ గొడుగు పని పెట్టుకున్నాడు. ముందు గొడుగుని మూసి, గుడ్డ పేలికతో ఊచలన్నీ కలిపి చుట్టి కట్టాడు, వరస తప్పకుండా. పైనున్న టోపీ కింది మేకు తీసి, గుడ్డని మెల్లగా కిందికి దించాడు. తీగ కనబడింది. మంచి తీగైతే పాతదాని వెనకే కొత్తది తోసుకుంటూ ఒకటి పోతుంటే ఒకటి వచ్చేలా మారుస్తారు. ఇది మాత్రం ముట్టుకుంటే ముక్కలైపోయింది. తుప్పు గీకి, ఊచల కన్నాలని వరసగా పట్టుకుని ఒక్కొక్కదానిలోంచీ కొత్త తీగ దూర్చాలి. నేను ఊచల్ని వేళ్ళతో పట్టుకుంటే నాన్న దూర్చేవాడు. ఇనుప తీగ వాడేవాడు కాదు, ఇత్తడి తీగ. ఇత్తడి అలా తుప్పుపట్టి తెగదు. తీగ చుట్టూ తిరిగి వచ్చాక రెండు కొసల్నీ పట్టకారుతో మెలిపెట్టి, మెలిక బిళ్ళ గాట్లో లోపలికి పోయేలా నొక్కాలి. మెలిక బయటికి పొడుచుకుంటే గుడ్డని కోసేస్తుంది.

విరిగిన రెండు ఊచల్లో ఒకటి మధ్యలో వంగి చీలింది. రెండోది సరిగ్గా పొట్టి ఊచ వచ్చి కలిసే చోట తెగింది. గొడుగులు ఎక్కువగా విరిగేది అక్కడే. ఊచని డొల్లగా, కాలువలా ఒంచి చేస్తారు, అందుకే సన్నగా ఉన్నా బలంగా ఉంటుంది. కలిసే చోట మేకు కోసం దానికి కన్నం పెడతారు, ఆ కన్నం దగ్గర ఇనుము తగ్గుతుంది. ఆ కాలువలో నీళ్ళు నిలిచి అక్కడే తుప్పు కూడా పడుతుంది. గాలికి గొడుగు తిరగబడినప్పుడు ఊచ అటువైపు వంగేది ఆ చోటు దగ్గరే. మధ్యలో చీలిన ఊచకైతే రేకు చెక్కు వేసి నిలబెట్టచ్చు. ఖాళీ నూనె డబ్బా రేకుని రెండంగుళాల ముక్కగా కత్తిరించి, కాలువలా వంచి, విరిగిన చోట ఊచకి తొడిగి, సన్నతీగతో బిగించి చుట్టేవాడు. కలిసే చోట విరిగితే చెక్కుకి చోటుండదు, మార్చాల్సిందే. నాన్న ఒకదానికి చెక్కు వేశాడు, ఒకదాన్ని ఇరవై అయిదు అంగుళాల కట్టలోంచి తీసి మార్చాడు.

మార్చిన ఊచకి పొట్టి ఊచని మేకుతో కలిపేటప్పుడు ఒక పరీక్ష ఉంది. సన్నని మేకు దూర్చి, మిగిలింది తుంచి, చివర సుత్తితో చిన్నచిన్నగా కొట్టి మొద్దు చేస్తారు. మరీ బిగిస్తే కీలు కదలదు, గొడుగు తెరిచేటప్పుడు ఊచ వంగిపోతుంది. వదులైతే ఊగుతుంది. అందుకే నాన్న ఊచని అడ్డంగా పట్టుకుని పొట్టిదాన్ని పైకెత్తి వదిలేవాడు. దాని బరువుకి అదే మెల్లగా కిందికి జారి పడాలి. టపీమని పడకూడదు, ఆగిపోకూడదు. తర్వాత ఒక్క చుక్క మిషను నూనె.

ఇక అమ్మ పని. విప్పిన చోట గుడ్డ కొనలని తిరిగి ఊచల కొనలకి కుట్టడం, మధ్యలో కట్లు వెయ్యడం అమ్మే చేసేది. దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగేది, అప్పుడు నీళ్ళు పీల్చుకోదు, తొందరగా కుళ్ళదు. రెండు పోగుల దారంతో ఊచ కొన కన్నంలోంచి మూడు నాలుగు చుట్లు తిప్పి ముడి. నూలు గుడ్డకి మామూలు సూది సరిపోతుంది. అప్పటికే నైలాన్ గుడ్డలు ఎక్కువగా వస్తున్నాయి, వాటికి మాత్రం వీలైనంత సన్నసూది వాడాలి. నూలు పోగులు తడిసి ఉబ్బి సూది కన్నాన్ని మూసేస్తాయి, నైలాన్ పోగు ఉబ్బదు, సూది ఎంత కన్నం చేస్తే అంత కన్నం అలాగే ఉండిపోతుంది. అమ్మ నైలాన్ కుట్లన్నిటి మీదా లోపలివైపునుంచి మైనం రుద్ది, వేలితో వేడిచేసి దిద్దేది. చిరుగుకి అతుకు వెయ్యాల్సివస్తే నైలాన్ కి నైలాన్, నూలుకి నూలు. కలిపేస్తే తడిసి ఆరినప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకోదాన్ని లాగేస్తుంది.

అన్నీ అయ్యాక నాన్న గొడుగు తెరిచి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఎనిమిది కొనలూ ఒకే ఎత్తులో, ఒకే వలయంలో తిరగాలి. ఒక కొన మిగతావాటికంటే కిందికో పైకో తిరుగుతూ కనబడితే ఆ ఊచ పొడుగు తప్పు, లేదా ఆ కట్టు బిగువు తప్పు. మాస్టారి గొడుగు మొదటిసారి తిప్పినప్పుడు చెక్కు వేసిన ఊచ కొన కాస్త కిందికి తిరిగింది. మధ్యకట్టు విప్పి, వదులు చేసి మళ్ళీ కట్టింది అమ్మ. తర్వాత పెరట్లో పట్టుకుని పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి, నన్ను లోపల్నుంచి కుట్లు చూడమన్నాడు. చుక్క పడలేదు.

లెక్క: ఊచ మూడు రూపాయలు, చెక్కు రూపాయిన్నర, పైతీగ రెండు రూపాయలు, కుట్లు రూపాయి. మొత్తం ఏడున్నర. కొత్త గొడుగు అప్పుడు అరవై, డెబ్బై ఉండేది. మాస్టారు ఎనిమిదిచ్చి అర్ధ రూపాయి ఉంచేసుకోమన్నారు. ఆ రోజుల్లో నాన్నకి పెయింటు పనిలో రోజు కూలీ నలభై వచ్చేది. గొడుగుల్లో బాగా వాన పడిన రోజు ముప్పై అయిదు దాకా వచ్చేది, ఎండ కాసిన రోజు సున్నా. నెల మొత్తం మీద చూసుకుంటే కూలీలో సగం కంటే తక్కువే. ఇల్లు నడవడానికి అది చాలేది, స్కూలు పుస్తకాలకి మాత్రం ఎండాకాలం దాచింది తియ్యాల్సి వచ్చేది. ఈ పనితో వానాకాలం హాయిగా గడిచిందని నేను చెప్పను. అప్పు చెయ్యకుండా గడిచింది. మా వీధిలో మిగతా పెయింటర్లకి ఆ మాట చెప్పుకునే వీలుండేది కాదు, దసరాకి మొదటి కూలీ రాగానే సగం వడ్డీకే పోయేది.

కొన్ని గొడుగులు నాన్న తీసుకునేవాడు కాదు. బాగుచెయ్యడానికి అయ్యేది కొత్త గొడుగు ధరలో సగం దాటితే చేతిలో పెట్టి పంపించేసేవాడు. గుడ్డ ఊచల వెంబడి పలచబడిందీ, కర్ర లోపల తుప్పు తిని ఒరిగిందీ, స్ప్రింగు గాడి అరిగి వెడల్పయిందీ అలాంటివే. స్ప్రింగు ఊడితే కొత్తది వెయ్యచ్చు, గాడే అరిగిపోతే వేసిన స్ప్రింగు నిలవదు, గొడుగు నడినెత్తి మీద దానంతటదే మూసుకుపోతుంది. మనకి డబ్బులు కావాలి కదా, ఏదో ఒకటి చేసి ఇచ్చేస్తే పోలేదా అని ఒకసారి అడిగాను. "అది వారంలో మళ్ళీ విరిగితే, ఇంకో పది మందిని తీసుకురావాల్సినవాడు ఆ పది మందినీ ఆపేస్తాడు" అన్నాడు. నాకు ఇప్పటికీ అది సరైన మాటేననిపిస్తుంది. ఆ అరుగు దగ్గరికి జనం వచ్చింది బోర్డు చూసి కాదు, ఒకరి నోట విని ఒకరు వచ్చేవారు.

ఈ పనిలో బాగా ఇబ్బంది పెట్టేది తీసుకెళ్ళని గొడుగులే. ఎండ కాస్తే చీటీ జేబులో మడతపెట్టి మర్చిపోతారు. సామాను మనది, శ్రమ మనది, గొడుగు మాత్రం మన ఇంట్లో వేలాడుతూ ఉంటుంది. మొదట్లో రాబడిలో మంచి భాగం అలా ఆగిపోయేదట. అందుకే సామాను ఖరీదు ముందే తీసుకోవడం మొదలుపెట్టాడు, కుట్టుకూలి మాత్రం తీసుకెళ్ళేటప్పుడు. ముందు డబ్బు కట్టినవాడు తప్పకుండా వస్తాడు. అయినా కార్తీకం వచ్చేసరికి కొన్ని మిగిలేవి. వాటిని మళ్ళీ మృగశిర కార్తె దాకా ఉంచి, అప్పటికీ రాకపోతే విప్పి కట్టల్లో కలిపేసేవాడు. అట్టముక్కలు మాత్రం పారెయ్యనిచ్చేవాడు కాదు. రెండేళ్ళ తర్వాత అట్ట పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి మరో మంచి గొడుగు ఇచ్చి పంపేవాడు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు కాలినడక, తప్పకుండా ఒక జల్లయినా పడుతుందని అందరూ గొడుగులు బయటికి తీసేవాళ్ళు. ఆ ముందు నాలుగైదు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోయేవాళ్ళు కాదు. తమ్ముడు కూర్చుని మైనం పట్టించిన దారాలు కోసి గోడ మేకుకి వేలాడేసేవాడు, అమ్మ చేతికి అందేలా.

90ల మధ్యలో మడత గొడుగులు వచ్చిపడ్డాయి. బ్యాగులో పట్టేవి, ఆడవాళ్ళకీ కాలేజీ పిల్లలకీ అవే కావాలి. వాటి ఊచకి ఒక్కచోట కాదు, మూడు చోట్ల కీళ్ళు. సగం ముక్కలు అల్యూమినియం, వంగితే మళ్ళీ తిన్నగా చేసినా అక్కడే తెగుతుంది. ఒక కంపెనీ ముక్క ఇంకో కంపెనీ గొడుగుకి సరిపోదు. ఎండాకాలంలో పాతవి కొని విప్పే పద్ధతి అక్కడితో పోయింది, ఎందుకంటే ఏ రెండూ ఒక్కలా లేవు. కొత్త గొడుగు ధర కూడా జనం సంపాదనతో పోలిస్తే తగ్గుతూ వచ్చింది. నాన్న మరి రెండు మూడేళ్ళు కొనకుట్లు, పొడుగు గొడుగులు మాత్రం చేశాడు. తర్వాత వానాకాలంలో లోపలి గదుల రంగులు, తలుపుల పాలిష్ పట్టుకున్నాడు. ఫ్యాన్లు పెట్టి గోడ ఆరబెట్టుకుని చేసేవాడు.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఇప్పుడు మురళీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు గొడుగులు పారేస్తుంటే ఆగమని అడిగి చూస్తాను. మడత గొడుగుల్లో కూడా ఎక్కువగా జరిగేది ఊచ విరగడం కాదు, కొనకుట్టు ఊడటమో మధ్యకట్టు తెగడమో. అది ఎవరైనా చేసుకోవచ్చు: సన్నసూది, నైలాన్ దారం రెండు పోగులు, కాస్త కొవ్వొత్తి మైనం. ఊచ కొన టోపీలో చిన్న కన్నం ఉంటుంది, అందులోంచి మూడు చుట్లు తిప్పి గుడ్డ లోపలివైపు ముడి వెయ్యండి. తెరిచి ఒకసారి గిరగిరా తిప్పి, కొనలన్నీ ఒకే ఎత్తులో వెళ్తున్నాయో లేదో చూసుకోండి. కీలు దగ్గర అల్యూమినియం తెగితే మాత్రం కష్టపడకండి, గుడ్డ బాగుంటే విప్పి దాచండి, ఇంకో గొడుగుకి అతుకులకి పనికొస్తుంది.